సవరించిన అప్పర్ జీఐ ఎండోస్కోపీ రిపోర్టు

పేషెంట్: పురుషుడు, 52 ఏళ్లు, కొబ్బరి దింపు కార్మికుడు, రాజోలు ప్రాంతం
పరీక్ష జరిగింది: అమలాపురం, 6 నవంబర్ 2024, ఉదయం 9:40
సవరణ: 8 నవంబర్ 2024
పంపించేది: రిఫర్ చేసిన డాక్టరు గారికి, కాకినాడ పాథాలజిస్టు గారికి

ఎందుకు మార్చాం

6వ తేదీ రిపోర్టులో కడుపు గురించి ఉన్నది ఇంతే: "ఎరిథీమా ఉంది, అల్సర్ ఉంది, బయాప్సీ తీశాం, ఆర్‌యూటీ నెగటివ్." సీసాలు మూడు వెళ్లాయి. ఏ సీసాలో ముక్క ఎక్కడిదో అందులో లేదు. ఇంటెస్టినల్ మెటాప్లేసియా కనిపిస్తే అది ఆంట్రంలోనే ఉందా, బాడీకీ పాకిందా అన్నదాన్ని బట్టే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చూడాలో తేలుతుంది. చోటు తెలియకపోతే పాథాలజిస్టు గారు ఆ మాట చెప్పలేరు. అందుకే దాచిన 14 ఫోటోలు, సిస్టర్ గారి బయాప్సీ రిజిస్టరు దగ్గర పెట్టుకుని మళ్లీ రాశాం. వాటిలో లేనిదేదీ చేర్చలేదు.

పాత రిపోర్టుతో తేడా రెండు చోట్ల ఉంది. అక్కడ అన్నవాహిక నార్మల్ అని ఉంది. 3వ ఫోటోలో చిన్న ఒరుపు కనిపిస్తోంది. ఆర్‌యూటీ ఫలితాన్ని చదివే తీరు కూడా మారింది. పాత కాపీని ఇక వాడవద్దు.

కారణం, తయారీ

మూడు వారాలుగా పైకడుపు నొప్పి. రెండు వారాల కిందట రెండు రోజులు నల్లటి విరేచనం. హీమోగ్లోబిన్ 9.2. నడుము నొప్పికి మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాడు. రక్తం పల్చబడే మందులు లేవు. పాంటొప్రజోల్ పరీక్షకు రెండు రోజుల ముందు వరకూ వాడాడు. గొంతుకు 10% జైలోకైన్ స్ప్రే, మిడజోలం 2 మి.గ్రా. నురగ కడిగాక లోపలంతా బాగానే కనిపించింది.

కనిపించినవి

అన్నవాహిక: పై, మధ్య భాగాలు నార్మల్. జెడ్ లైన్ ముందు పళ్ల నుంచి 39 సెం.మీ. దగ్గర, హయాటస్ హెర్నియా లేదు. దాని పైన ఒకే ఒరుపు, 4 మి.మీ., లాస్ ఏంజిలిస్ గ్రేడ్ ఎ. బారెట్స్ లేదు. బయాప్సీ తీయలేదు.

ఫండస్, కార్డియా: స్కోపును వెనక్కి తిప్పి చూశాం, నార్మల్.

బాడీ: మడతలు మామూలుగా ఉన్నాయి, గాలి నింపితే చక్కగా విచ్చుకున్నాయి. లెస్సర్ కర్వేచర్ నుంచి ఒకటి, గ్రేటర్ నుంచి ఒకటి: సీసా 3.

ఇన్సిసూరా: నార్మల్. ఒక ముక్క, సీసా 2.

ఆంట్రం: లెస్సర్ కర్వేచర్ మీద, పైలోరస్‌కు 3 సెం.మీ. ఎగువన ఒకే పుండు. తెరిచిన ఫోర్‌సెప్స్‌ను (7 మి.మీ.) పక్కన పెట్టి కొలిస్తే 12 × 8 మి.మీ. అడుగు తెల్లగా, శుభ్రంగా ఉంది. రక్తనాళం, గడ్డ, నల్లమచ్చ ఏవీ లేవు: ఫారెస్ట్ 3. అంచు నున్నగా ఉంది. చుట్టూ ఉన్న మడతలు సన్నబడుతూ అంచు దాకా వస్తున్నాయి. మధ్యలో తెగడం గానీ, కర్ర కొసలా ఉబ్బడం గానీ లేదు. చూపుకి మామూలు పుండే. అయినా చూపుని నమ్మి క్యాన్సర్ లేదనలేం. అంచు నాలుగు వైపుల నుంచి ఆరు ముక్కలు, అడుగు నుంచి ఒకటి: సీసా 1. పుండుకు దూరంగా లెస్సర్, గ్రేటర్ కర్వేచర్ల నుంచి ఒక్కొక్కటి: సీసా 2. తీసిన చోట కారిన రక్తం రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగింది.

పైలోరస్, డి1, డి2: నార్మల్. పాపిల్లా ఈ స్కోపుతో పూర్తిగా కనిపించలేదు. బయాప్సీ లేదు.

ఆర్‌యూటీ: ఆంట్రం, బాడీల నుంచి ఒక్కో ముక్క. గంటకీ, 24 గంటలకీ పసుపుగానే ఉంది.

సీసాలు (10% ఫార్మలిన్)

1: ఆంట్రం పుండు, ఏడు ముక్కలు. క్యాన్సర్ ఉందా?
2: ఆంట్రం రెండు, ఇన్సిసూరా ఒకటి. హెచ్. పైలోరీ, ఎట్రోఫీ, మెటాప్లేసియా?
3: బాడీ, రెండు. అవే ప్రశ్నలు.

నిర్ధారణ

1. ఆంట్రం లెస్సర్ కర్వేచర్ పుండు, 12 మి.మీ., ఫారెస్ట్ 3. డైక్లోఫెనాక్ వల్ల అయి ఉండవచ్చు, హిస్టాలజీ రావాలి.
2. హెచ్. పైలోరీ ఇంకా తేలలేదు. పాంటొప్రజోల్ వాడకం, ఇటీవలి రక్తస్రావం రెండూ ఆర్‌యూటీని తప్పుగా నెగటివ్ చూపించగలవు. దయచేసి "పైలోరీ లేదు" అని రాయవద్దు.
3. గ్రేడ్ ఎ ఈసోఫజైటిస్.

చేయాల్సినవి

డైక్లోఫెనాక్, ఆ కోవకు చెందిన ఏ నొప్పి మాత్రా వద్దు, నడుముకు పారాసెటమాల్. పాంటొప్రజోల్ 40 మి.గ్రా. పరగడుపున ఎనిమిది వారాలు, దాంతోపాటు ఐరన్. పైలోరీ బయటపడితే 14 రోజుల మందులు. అవి ముగిసిన నాలుగు వారాల తర్వాత, పాంటొప్రజోల్ రెండు వారాలు ఆపి, పోయిందో లేదో పరీక్ష. పుండు మానినా హీమోగ్లోబిన్ పెరగకపోతే డి2 బయాప్సీ, కొలనోస్కోపీ ఆలోచించాలి.

మళ్లీ ఎండోస్కోపీ 2 జనవరి 2025, గురువారం. నొప్పి తగ్గాక ఇక రానక్కర్లేదనుకుంటారు. సంక్రాంతి దాటనివ్వవద్దని ఇంట్లోవాళ్లకీ చెప్పండి. అప్పటికి మానకపోతే అంచు నుంచి మళ్లీ బయాప్సీ తీస్తాం. సీసా 1లో అనుమానం వస్తే ఆ తేదీ దాకా ఆగం, అదే రోజు ఫోన్ చేస్తాం.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కళ్లు తిరగడం ఉంటే ఏ వేళైనా వెంటనే క్యాజువాలిటీకి రావాలి. ఐరన్ వల్ల కూడా విరేచనం నల్లబడుతుందని ముందే చెప్పాం. జిగటగా, తారులా, దుర్వాసనతో ఉంటే మాత్రం అది రక్తమే అనుకుని బయల్దేరాలి.

సంతకం: పరీక్ష చేసిన గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, 8 నవంబర్ 2024, సాయంత్రం 4:15