హాస్టల్‌లో ఫ్లూ వ్యాప్తి అంచనా: మీ రిపోర్టుకు ఎస్ఐఆర్ మోడల్

హనుమకొండలో 600 మంది ఉండే ఒక హాస్టల్‌ని ఊహించుకోండి. సెలవులకు ఊళ్లకెళ్లి తిరిగొచ్చినవాళ్లలో ఇద్దరికి ఫ్లూ ఉంది. మొత్తం ఎంతమందికి సోకుతుంది, ఒకే రోజు గరిష్ఠంగా ఎంతమంది జబ్బుతో ఉంటారు అన్నవి మీ ప్రాజెక్టు ప్రశ్నలు. వార్డెన్‌కు పనికొచ్చేది రెండోదే. సిక్ రూమ్‌లో ఎన్ని మంచాలు వేయాలో తేల్చేది అదే.

1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ ఇచ్చిన పద్ధతిలో జనాన్ని కొన్ని కంపార్ట్‌మెంట్లుగా విడగొడతారు. ఇంకా సోకనివాళ్లు S, ప్రస్తుతం ఇతరులకు అంటించగలవాళ్లు I, కోలుకుని మళ్లీ సోకనివాళ్లు R. ముగ్గురినీ కూడితే ఎప్పుడూ N, అంటే ఇక్కడ 600. ఏ రోజైనా ఈ మొత్తం తప్పిందంటే లెక్కలో తప్పుంది, ముందు అది వెతకండి.

కదలికలు రెండే:

```
కొత్తగా సోకేవాళ్లు (రోజుకు) = β*S*I/N
కోలుకునేవాళ్లు (రోజుకు)     = γ*I
```

జబ్బు అంటించే దశ సగటున 4 రోజులనుకుంటే γ = 1/4 = 0.25. β = 0.5 అంటే, చుట్టూ అందరూ సోకనివాళ్లే ఉన్నప్పుడు ఒక రోగి సగటున రెండు రోజులకొకరికి అంటిస్తాడు. ఈ రెండూ మనం అనుకున్న విలువలేనని రిపోర్టులో స్పష్టంగా రాయండి. β/γ = 2, ఇదే R0, అంటే చుట్టూ అందరూ సోకనివాళ్లే ఉన్నప్పుడు ఒక రోగి మొత్తమ్మీద సగటున ఎంతమందికి అంటిస్తాడన్న సంఖ్య. మొదటి రోజు చేత్తో చేసి చూడండి: 0.5 × 598 × 2 / 600, దాదాపు 1. కోలుకునేది 0.5. కాబట్టి I రెండు నుంచి రెండున్నరకు పెరుగుతుంది. అర మనిషి ఏంటని కంగారుపడొద్దు, ఇది సగటు లెక్క.

```python
N, I, R = 600, 2, 0
S = N - I
b, g, dt = 0.5, 0.25, 0.1
for k in range(1000):
    x = b*S*I/N*dt
    y = g*I*dt
    S, I, R = S-x, I+x-y, R+y
    if k % 10 == 9:
        print((k+1)//10, round(S, 1), round(I, 1), round(R, 1))
```

ఇక్కడ dt రోజులో పదో వంతు. చాలామంది ఎక్సెల్‌లో రోజుకో వరుస వేసి dt = 1 పెట్టేస్తారు. అప్పుడు మొదట్లో పెరుగుదల నెమ్మదిగా కనిపించి, శిఖరం ఒకట్రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది.

ఫలితం: సుమారు 22వ రోజున I గరిష్ఠంగా దాదాపు 94కు చేరుతుంది. చివరికి దాదాపు 480 మందికి సోకి, 120 మంది తప్పించుకుంటారు. S సగానికి, అంటే N/R0 = 300కు, దిగిన క్షణమే శిఖరం. ఆ తర్వాత కూడా కొత్త కేసులు వస్తూనే ఉంటాయి, కానీ కోలుకునేవాళ్లు వాళ్లకంటే ఎక్కువ. ‘శిఖరం దాటింది, ఇక ఎవరికీ సోకదు’ అని రాస్తే తప్పు.

ఇప్పుడు జ్వరం రాగానే వేరే గదికి మార్చారనుకుందాం. అంటించే కాలం 4 నుంచి 2.5 రోజులకు తగ్గితే γ = 0.4, R0 = 1.25. మొత్తం సోకేవాళ్లు దాదాపు 228. శిఖరంలో 15 మంది కూడా ఉండరు. మొత్తం సగానికి కొద్దిగా తక్కువైతే, మంచాల అవసరం ఆరో వంతు అయింది. రిపోర్టులో చర్చించదగ్గ ఫలితం ఇదే.

అసలు డేటాతో పోల్చేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సిక్ రూమ్ రిజిస్టర్‌లో ‘ఈ రోజు కొత్తగా వచ్చినవాళ్లు’ ఉంటే దాన్ని I గీతతో పోల్చకూడదు, β*S*I/N తో పోల్చాలి. ‘ఈ రోజు పడుకుని ఉన్నవాళ్లు’ అయితేనే I దగ్గరికొస్తుంది. అదీ పూర్తిగా కాదు, ఎందుకంటే మాత్ర వేసుకుని క్లాసుకెళ్లేవాళ్లు రిజిస్టర్‌కెక్కరు. పైగా మొదటి వారం లెక్కల్లో కనిపించేది β − γ మాత్రమే. రోజుకు 0.25 పెరుగుదల 0.5, 0.25 తోనూ వస్తుంది, 0.75, 0.5 తోనూ వస్తుంది. కానీ మొదటి జతకు R0 2, రెండోదానికి 1.5. అందుకే γ ని జబ్బు లక్షణాల నుంచి ముందే నిర్ణయించి, β ని మాత్రమే సరిపెట్టండి. ఒకే గీత గీయొద్దు. β ని 0.4, 0.5, 0.6 గా మార్చి మూడూ చూపండి.

ఇద్దరితో మొదలైన వ్యాప్తి అసలు పెరగకుండానే ఆగిపోవచ్చు. అంటించే కాలాన్ని ఘాతీయంగా తీసుకుంటే ఆ సంభావ్యత (1/R0)^2, అంటే నాలుగింట ఒక వంతు. పై కోడ్‌లో ఇది కనిపించదు.

సోకినా కొన్నాళ్లు అంటించని దశ ఉంటే E చేర్చి ఎస్ఈఐఆర్ వాడతారు. శిఖరం ఆలస్యమై ఎత్తు తగ్గుతుంది కానీ, R0 అదే అయితే మొత్తం సంఖ్య దాదాపు మారదు.

బతుకమ్మ, దసరా సెలవులకు హాస్టల్ ఖాళీ అయినా, మేడారం జాతరకు సగం మంది వెళ్లొచ్చినా, N, β స్థిరమన్న ఊహ చెల్లదు. ఆ తేదీ దగ్గర అంచనా ఆపేయండి, లేదా కొత్త విలువలతో మళ్లీ మొదలుపెట్టండి. వానాకాలంలో వచ్చే డెంగీకి మాత్రం ఈ సమీకరణాలు పెట్టకండి. అది మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు, దోమలకు వేరే కంపార్ట్‌మెంట్లు కావాలి.