కందిపొడి 200 గ్రాముల ప్యాకెట్లు, బ్యాచ్ 250611-2 వెనక్కి తీసుకుంటున్నాం: వేరుశనగ పడనివారు తినకండి

నేతిగిన్నె పొడులు, తెనాలి
24 జూన్ 2025

మా కందిపొడిలో ఒక బ్యాచ్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నాం. ఆ బ్యాచ్‌లోని కొన్ని ప్యాకెట్లలోకి పల్లీల పొడి వెళ్లింది. ప్యాకెట్ మీద మాత్రం వేరుశనగ పేరు ఎక్కడా లేదు. పల్లీలు తింటే అలర్జీ వచ్చేవాళ్లకు ఇది ప్రమాదం. రుచి చూడటానికి కూడా నోట్లో వేసుకోకండి.

అలర్జీ లేనివాళ్లు ఇప్పటికే తినేసి ఉంటే కంగారు పడాల్సిన పని లేదు, వాళ్లకు దీనివల్ల హాని ఉండదు. అయినా మిగిలినది తిరిగి ఇచ్చేయమనే కోరుతున్నాం. ఇంటికొచ్చిన చుట్టానికో, భోజనానికి కూర్చున్న పక్కింటి పిల్లాడికో పల్లీలు పడతాయో లేదో మనకు ముందుగా తెలియదు కదా.

ఏ ప్యాకెట్ అని ఎలా తెలుస్తుంది

200 గ్రాముల కందిపొడి ప్యాకెట్ వెనక, కింది అతుకు దగ్గర నల్లటి అచ్చులో మూడు వరుసలు ఉంటాయి. బ్యాచ్ నంబరు 250611-2, తయారీ తేదీ 11-06-2025, గడువు తేదీ 10-12-2025, ఈ మూడూ ఉంటే అదే. నంబరు చివర 1 ఉంటే అది ఉదయం షిఫ్టులో కట్టినది, దాంతో ఇబ్బంది లేదు. 100 గ్రాములు, 500 గ్రాముల ప్యాకెట్లు, నల్లకారం, కరివేపాకు పొడి, మునగాకు పొడి ఇవేవీ ఇందులోకి రావు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొడి తెచ్చిన రోజే డబ్బాలో పోసి కవరు పారేయడం మన ఇళ్లలో మామూలే. మీరూ అలాగే చేసి ఉంటే, జూన్ 13 తర్వాత కొన్న 200 గ్రాముల ప్యాకెట్ ఏదైనా సరే, ఈ బ్యాచ్‌దే అనుకుని పక్కన పెట్టండి. పిల్లల కోసం విదేశాలకు సూట్‌కేసులో పెట్టి పంపినవాళ్లు, హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇచ్చినవాళ్లు దయచేసి వాళ్లకు ఒక ఫోన్ చేసి చెప్పండి. ఆ ప్యాకెట్లు ఎవరి చేతికి వెళ్లాయో మా పుస్తకాల్లో ఉండదు, మీకే తెలుస్తుంది.

చూపుతో తేల్చుకోవద్దు. మొత్తం పల్లీల పొడే పడిన ప్యాకెట్ అయితే, చిటికెడు తీసి వేళ్ల మధ్య నొక్కినప్పుడు నూనె తేలి ముద్ద కడుతుంది. కందిపొడి పొడిపొడిగా ఇసుకలా జారిపోతుంది. కానీ రెండూ కలిసిన ప్యాకెట్లు కూడా ఉన్నాయి. వాటిలో పల్లీల పొడి తక్కువ కాబట్టి రంగులోనూ వాసనలోనూ తేడా దొరకదు. అలర్జీ ఉన్నవాళ్లకు ఆ తక్కువే చాలు.

మరో మాట. లేబుల్ మీద కందిపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు అని ఉంది. అందులో శనగ ఉంది కదా, చెప్పినట్టే కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. శనగపప్పు వేరు, వేరుశనగ వేరు. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశనగ ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద విడిగా రాసి తీరాలి.

అలర్జీ ఉన్నవాళ్లు తిని ఉంటే

ఒంటిమీద దద్దుర్లు, దురద, పెదవులు లేదా నాలుక వాపు, కడుపునొప్పి, వాంతులు రావచ్చు. సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు కనిపిస్తాయి. గొంతు బిగుసుకుపోయినా, ఊపిరి ఆడకపోయినా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా ఆలస్యం చేయకండి. డాక్టర్ ముందే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే వెంటనే వాడి, 108కి ఫోన్ చేయండి. అలర్జీ మాత్ర వేసుకుని చూద్దాంలే అని ఆగొద్దు, ఇలాంటి స్థితిలో అది సరిపోదు.

వేడి అన్నంలో నెయ్యితో కలిపినా, తాలింపు వేసినా పల్లీ అలర్జీ గుణం పోదు. ఆ డబ్బాను, చెంచాను సబ్బుతో బాగా కడగండి. అదే చెంచా ఆవకాయ జాడీలోనో మరో పొడిలోనో పెట్టి ఉంటే, వాటిని కూడా అలర్జీ ఉన్నవాళ్లకు వడ్డించకండి.

ఏం జరిగింది

జూన్ 11న మధ్యాహ్నం షిఫ్టులో మొదట పల్లీల పొడి కట్టాం, తర్వాత కందిపొడి. మధ్యలో మిషన్ ఆపి, పొడి పోసే గరాటు లాంటి హాపర్ ఖాళీ చేసి, కడిగి, అప్పుడు కవర్ల రోల్ మార్చాలి. ఆ రోజు రోల్ ముందు మారింది. హాపర్ అడుగున ఇంకా పల్లీల పొడి ఉంది. అది మొదట కొన్ని కందిపొడి కవర్లలో నిండుగా, ఆ తర్వాతి కవర్లలో కలగలుపుగా పడింది. శుభ్రం చేసినట్టు రిజిస్టర్‌లో టిక్ ఉంది, పని మాత్రం జరగలేదు. ఇది మా తప్పే.

జూన్ 21న ఖమ్మం నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేసి, పొడి పల్లీ వాసన వస్తోందని చెప్పారు. మా దగ్గర దాచి ఉంచిన నమూనాలు పరీక్షిస్తే నిజమేనని తేలింది. ఆ మర్నాడు మరో ఇంటి నుంచి, తమ పాపకు పెదవులు వాచాయని కబురొచ్చింది. ఆసుపత్రిలో చూపించి అదే సాయంత్రం ఇంటికి తీసుకెళ్లారు, ఇప్పుడు బాగుంది. మాకు తెలిసి ఈ రోజు వరకు అనారోగ్యం కలిగింది ఆ పాప ఒక్కదానికే. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పాం, మీ అందరికీ కూడా చెబుతున్నాం.

ఈ బ్యాచ్‌లో మొత్తం 3,260 ప్యాకెట్లు ఉన్నాయి. 1,180 గోదాముల్లోనే ఆగిపోయాయి. మిగతా 2,080 గుంటూరు, విజయవాడ, ఖమ్మం, హైదరాబాద్ దుకాణాలకూ ఆన్‌లైన్ ఆర్డర్లకూ వెళ్లాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐకి, జిల్లా ఆహార భద్రత అధికారులకు సమాచారం ఇచ్చాం. ఇకపై పల్లీల పొడిని వేరే గదిలో, వేరే మిషన్ మీద మాత్రమే కడతాం. ఆ ఏర్పాటు పూర్తయ్యేదాకా దాని తయారీ ఆపేశాం.

డబ్బు వాపసు

కొన్న దుకాణంలో ఇస్తే 110 రూపాయలు ఇస్తారు. బిల్లు అక్కర్లేదు. సగం వాడిన ప్యాకెట్ అయినా, డబ్బాలోంచి కవర్లో కట్టి తెచ్చిన పొడి అయినా తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఈ బ్యాచ్ కొన్నవాళ్లకు డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి వస్తుంది. పొడిని కొరియర్ చేయనక్కర్లేదు, గట్టిగా మూట కట్టి చెత్తలో వేయండి. ఈ వాపసు కోసం మేం ఓటీపీ గానీ కార్డు నంబరు గానీ అడగం. ఎవరైనా అడిగితే అది మేం కాదు.

సందేహాలకు మా ఏ ప్యాకెట్ వెనకైనా ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు ఫోన్ చేయవచ్చు, ఆదివారం కూడా. దుకాణంలో డబ్బు ఇవ్వకపోయినా అదే నంబరుకు చెప్పండి. మా జవాబు తృప్తిగా లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

దుకాణదారులు, మెస్‌లు, కర్రీ పాయింట్లవాళ్లు ఈ బ్యాచ్‌ని అరల్లోంచి ఇప్పుడే తీసి విడిగా పెట్టండి. విడి పొడిగా కూడా అమ్మొద్దు, వడ్డించొద్దు. మా వ్యాన్ శనివారం లోపు వచ్చి తీసుకెళ్తుంది. అందాకా ఈ నోటీసును కౌంటర్ దగ్గర, వచ్చినవాళ్ల కంటపడేలా అంటించండి.

— యాజమాన్యం, నేతిగిన్నె పొడులు