కర్నూలు నుంచి అనంతపురం దాకా ఏం మాట్లాడాలంటే

ఒరేయ్ తమ్ముడూ,

ఆదివారం నువ్వూ మరదలూ ఇద్దరే కార్లో అనంతపురం పోతున్నారని అమ్మ చెప్పింది. పెళ్లయినప్పటి నుంచి ఇల్లంతా చుట్టాలే కదా, మీ ఇద్దరే అంతసేపు కూర్చోవడం ఇదే మొదలు. మాటలు అయిపోతే ఎట్లా అని నీకు టెన్షన్ ఉంటుంది. అందుకే ఊర్ల వారీగా రాసి పెడుతున్నా.

వరసపెట్టి ప్రశ్నలు మాత్రం వేయొద్దు. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల చాలానే జవాబులు చెప్పింది. నీ సంగతి ఒకటి ముందు చెప్పి, తర్వాత తనను అడుగు.

వెల్దుర్తి దాటేదాకా ఇంట్లో బయలుదేరిన హడావిడి, అమ్మ సర్దిన సంచులు, ఆ మాటలే సరిపోతాయి. డోన్ రైల్వే జంక్షన్ కాబట్టి అక్కడ రైలు ప్రయాణాలు ఎత్తు. కిటికీ సీటు కోసం నువ్వు నాతో పడిన కొట్లాటలు చెప్పు. వేసవి సెలవులకు తను ఏ అవ్వగారి ఊరికి పోయేదో అదే బయటికొస్తుంది.

ప్యాపిలి దాటాక వజ్రాల సంగతి తియ్యి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారని తనకూ తెలిసే ఉంటుంది. "నీకే ఒకటి దొరికితే ముందు ఎవరికి చెప్తావ్?" అని అడుగు. ఏం కొంటావని అడిగితే మాట డబ్బు లెక్కల్లోకి పోతుంది. ఎవరికి చెప్తావంటే, తన మనసుకు దగ్గరివాళ్లు ఎవరో తెలుస్తుంది. చెల్లెలి పేరు చెప్తే ఇంక చెల్లెలి గురించే మాట్లాడించు. నీ పేరు రాలేదని మొహం మాడ్చుకోవద్దురా, ఇంకా కొత్త కదా.

గుత్తి కోట కనిపించగానే మన్రో దొర చరిత్రంతా చెప్పడం మొదలుపెడతావు, నాకు తెలుసు. 1827లో పత్తికొండలో చనిపోతే ముందు గుత్తిలోనే పూడ్చారని ఒక్క మాట చెప్పి ఆపు. తను అడిగితే మిగతాది. "చలికాలంలో కోట ఎక్కుదామా?" అంటే అది ఇద్దరి మాట అవుతుంది.

అక్కడే ఆగి ఉగ్గాని, బజ్జీ తినండి. వాళ్లింట్లో ఉగ్గానిలో పుట్నాలపొడి ఎంత వేస్తారో, కారం ఎంతో అడుగు. తిండి మాట తొందరగా తెగదు. "మా అమ్మ వంటలో నీకేది నచ్చలేదు?" అని మాత్రం అడగొద్దు. ఏం చెప్పినా తనకే ఇబ్బంది.

మధ్యలో మాట ఆగితే ఆగనీ. కిటికీలోంచి చూస్తుంటే చూడనీ. "ఏంటి, ఏం మాట్లాడవు?" అన్నావంటే ఉన్న మాట కూడా పోతుంది. గొర్రెల మందో శెనక్కాయ చేనో కనిపిస్తే "చూడు" అని వదిలెయ్. అందుకుంటే సరే, లేదంటే పాటలు పెట్టు. ఏ పాటలో తననే ఎంచుకోనీ.

పామిడి దగ్గర పెన్న దాటాక తనే నీకు దారి చూపించాలి. చదివిన కాలేజీ, బస్సెక్కిన స్టాపు, పానీపూరి తిన్న బండి అన్నీ చూపించమను. అప్పుడు నువ్వు వింటే చాలు. ఊరు దగ్గరపడేకొద్దీ తన మనసు వాళ్లమ్మ మీదే ఉంటుంది. పూలు ఎక్కడ కొందాం, మామయ్యకు ఏ స్వీటు ఇష్టం అని అడిగి, బండి అక్కడ ఆపు.

మీ అక్క