మరణించిన నా భర్త పేరిట మిగిలిపోయిన రిటర్నుల గురించి

కాకినాడ,
18 ఆగస్టు 2025.

ఆదాయపు పన్ను అధికారి గారికి,
ఆదాయపు పన్ను కార్యాలయం, కాకినాడ.

అయ్యా,

నా పేరు పేరూరి సుభద్ర. నా భర్త పేరూరి వేంకటేశ్వరరావు గారు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి 2019 జూన్‌లో పదవీ విరమణ చేశారు. నిరుడు నవంబరు 9న కాలం చేశారు. వారి పేరు మీద మూడు సంవత్సరాల రిటర్నులు తేలకుండా ఉన్నాయి. వాటిని ఏ క్రమంలో, ఏ దారిలో పూర్తిచేయాలో అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వారు జీతం పుచ్చుకున్నంత కాలం, ఆ తరువాత పింఛను పుచ్చుకుంటూ జబ్బుపడే వరకూ ఒక్క ఏడు కూడా రిటర్ను ఎగ్గొట్టలేదు. రశీదులన్నీ సంవత్సరాల వారీగా నీలం రంగు ఫైలులో కుట్టి ఉంచేవారు. ఆ ఫైలు చివరి కాగితం దగ్గరే మొదటి చిక్కు ఉంది.

2023-24 మదింపు సంవత్సరానికి వారు 2023 జూలై 29న రిటర్ను పంపారు. దాని రసీదు ఫైలులో ఉంది. కానీ ముప్పై రోజుల లోపు చేయవలసిన ధ్రువీకరణ జరగలేదు. ఆగస్టు మొదటి వారంలో వారికి క్యాన్సర్ అని తేలింది. ఆ నెలంతా మేము విశాఖపట్నంలో పరీక్షల చుట్టూ తిరుగుతూ ఉన్నాం. పంపేశాం కదా, పని అయిపోయిందనే వారూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ధ్రువీకరించని రిటర్ను దాఖలు చేయనట్టే లెక్క అని ఈ మధ్యే మా పెద్దమ్మాయి చూసి చెప్పింది. ఆ ఏడు పింఛను 5,28,000 రూపాయలు, డిపాజిట్ల మీద వడ్డీ 90,000. తగ్గింపులు పోగా ఆదాయం అయిదు లక్షల లోపే ఉంది కనుక పన్ను లేదు. బ్యాంకు కోసిన 9,000 రూపాయల టీడీఎస్ తిరిగి రావలసి ఉంది. ఆ పాత రిటర్నునే ఆలస్యాన్ని మన్నించమని కోరి ఇప్పుడు నేను ధ్రువీకరించవచ్చా, లేక కొత్తగా వేయవలసి ఉంటుందా?

2024-25 మదింపు సంవత్సరానికి అసలు రిటర్నే వేయలేదు. 2024 జూలైలో వారు కీమోథెరపీలో ఉన్నారు. కలం పట్టుకునే ఓపిక లేదు. ఆలస్యపు రిటర్నుకు గడువు 2025 జనవరి 15 వరకు ఉందని నాకు తెలియదు, తెలిసినా ఆ రోజుల్లో చేయగలిగేదాన్ని కాదు. ఆ ఏడు పింఛను 5,46,000, వడ్డీ 98,000. కొత్త పద్ధతిలో లెక్కవేస్తే పన్ను సున్నా, రావలసినది 9,800. నవీకరించిన రిటర్ను, అంటే 139(8ఎ) సెక్షన్ కింద వేసేది, వాపసు అడగడానికి పనికిరాదని అర్థమైంది. అందువల్ల 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవడమే దారి అనుకుంటున్నాను. 2024 అక్టోబరు 1 నాటి 11/2024 సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన అయిదేళ్ళ వరకు అలా అడగవచ్చని మా అమ్మాయి చదివి వినిపించింది. ఆ అర్జీ మీ కార్యాలయంలో ఇవ్వాలా, ప్రిన్సిపల్ కమిషనర్ గారి పేరున రాయాలా? రెండు సంవత్సరాలకూ కలిపి ఒకటే సరిపోతుందా? ఆసుపత్రి డిశ్చార్జి పత్రాలు కారణం చూపడానికి చాలునా?

మూడోది 2025-26 మదింపు సంవత్సరం. దీనికి సెప్టెంబరు 15 వరకు గడువు ఉంది కనుక, ఇది మాత్రం వారు ఉండి ఉంటే ఎలా వేసేవారో అలా సమయానికి వేయాలని నా పట్టుదల. 2024 ఏప్రిల్ 1 నుంచి నవంబరు 9 వరకు వచ్చిన ఆదాయం వారి పాన్ మీద, వారి తరఫున నేను చూపాలని, ఆ తరువాతి కుటుంబ పింఛను, వడ్డీ నా సొంత లెక్కలో చూపాలని తెలుసుకున్నాను. ఇక్కడ ఒక ముడి ఉంది. డిపాజిట్లు మా ఇద్దరి పేర్ల మీద ఉన్నా మొదటి పేరు వారిది. నేను మరణ ధ్రువపత్రం బ్యాంకుకు ఇచ్చేసరికి ఫిబ్రవరి అయింది. అంతవరకు టీడీఎస్ మొత్తం వారి పాన్ మీదే పడింది. ఫారం 26ఏఎస్‌లో అప్పటివరకు వడ్డీ అంతా వారిదిగానే కనిపిస్తోంది. నవంబరు 10 తరువాతి వడ్డీని, దానికి సంబంధించిన టీడీఎస్‌ను నా రిటర్నులో చూపితే లెక్కలు సరిపోలక మళ్ళీ నోటీసు వస్తుందేమో అని భయంగా ఉంది. బ్యాంకు చేత సరిచేయించాలా, రిటర్నులోనే వివరించవచ్చా? వారి వడ్డీని వారి దగ్గర, నాది నా దగ్గర ఉంచాలనే నా కోరిక. ఉన్నదంతా ఒకే చోట చూపేస్తే సులువే కానీ అది నిజం కాదు.

వీటన్నిటికంటే ముందు పోర్టల్‌లో వారి ప్రతినిధిగా నేను నమోదు కావాలి. నా పాన్, వారి పాన్, మరణ ధ్రువపత్రం, తహశీల్దారు గారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆ చివరిది తెలుగులో ఉంది. దానికి నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలా? మాకు ఇద్దరు అమ్మాయిలు. వారు కూడా వారసులే కనుక వారి సమ్మతి పత్రాలు కావాలా? మావారి బ్యాంకు ఖాతా మూసేశాం. వాపసు డబ్బు నా ఖాతాకు రావాలంటే ఏం చేయాలి?

జూన్‌లో వారి ఫోనుకు ఒక సందేశం వచ్చింది, మీరు రిటర్ను దాఖలు చేయలేదని వారిని ఉద్దేశించి. ఆ సిమ్ కార్డుకు నేను నెలనెలా రీచార్జి చేయిస్తున్నాను, ఓటీపీలు వస్తాయేమో అని. వారి పేరు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దీనిలో ఎవరి తప్పూ లేదు. వారు లేరన్న సంగతి మీ రికార్డులకు ఎవరైనా చెప్పాలి కదా, అది ఈ ఉత్తరంతో చెబుతున్నాను. ఇకపై వారి పేరిట ఏది పంపవలసి వచ్చినా వారి వారసురాలిగా నా పేరున పంపించండి.

లెక్కల్లో ఎక్కడైనా కట్టవలసింది తేలితే కడతాను. 159వ సెక్షన్ ప్రకారం వారు వదిలివెళ్ళిన ఆస్తి మేరకే నా బాధ్యత అని చదివాను. దాన్ని అడ్డం పెట్టుకుని తప్పుకునే ఉద్దేశం నాకు లేదు. నా లెక్కలో పొరపాటు ఉంటే చెప్పండి, సరిచేసుకుంటాను. వారి పేరు మీద బాకీ అనే మాట మిగలకూడదు. వాపసు రావలసినది కూడా పద్దెనిమిది వేల ఎనిమిది వందలు. డబ్బు సంగతి అటుంచితే, అది వారి కష్టార్జితం, వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

రిటర్నులన్నీ పూర్తయి, వాపసు జమ అయిన తరువాతే వారి పాన్ కార్డు మీకు అప్పగించాలని అనుకుంటున్నాను. ఆ వరుస సరైనదేనా అన్నది కూడా దయచేసి తెలియజేయండి. నాకు ఇంగ్లీషు కొంచెం చదవడం వచ్చు. జవాబు తెలుగులో ఇవ్వగలిగితే మేలు. కార్యాలయానికి రమ్మంటే ఏ రోజైనా వస్తాను. మోకాళ్ళ నొప్పి వల్ల మెట్లు ఎక్కడం కష్టం కాబట్టి ఏ గదికి రావాలో ముందుగా చెబితే సాయంగా ఎవరినైనా తెచ్చుకుంటాను.

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మా ఇద్దరి పాన్ కార్డులు, 2023 జూలై 29 నాటి రసీదు, మూడేళ్ళ ఫారం 26ఏఎస్, పింఛను వివరాలు, ఆసుపత్రి పత్రాలు, వీటి నకళ్ళు జతచేశాను. నా చిరునామా, ఫోను నంబరు కవరు మీద ఉన్నాయి.

ఇట్లు,
భవదీయురాలు,
పేరూరి సుభద్ర
(కీ.శే. పేరూరి వేంకటేశ్వరరావు గారి భార్య)