విషయం: ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం – మీ మెయిల్‌కు కృతజ్ఞతలు, క్లుప్తంగా అభిప్రాయం చెప్పమని విన్నపం

గౌరవనీయులైన హెచ్‌ఆర్ మేనేజర్ మేడమ్ గారికి,

నమస్కారమండీ.

ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి ఈసారి నన్ను తీసుకోలేకపోతున్నామని జూన్ 12న మీరు పంపిన మెయిల్ చదివాను. ఫలితం ఏదైనా వారంలోపు తెలియజేస్తామని ఇంటర్వ్యూ రోజున చెప్పారు, చెప్పినట్టే తెలియజేశారు. ముందుగా అందుకు కృతజ్ఞతలు. ఎంపిక కానివాళ్లకు కబురే పెట్టని చోట్లు చాలా ఉన్నాయి. ఫోన్ మోగిన ప్రతిసారీ అదేనేమో అని చూసుకోవడం, మనమే ఫోన్ చేసి అడిగితే ఏమనుకుంటారో అని ఆగిపోవడం, ఆ టెన్షన్ ఏమీ లేకుండా చేశారు.

మీ మెయిల్ నాకు నేరుగా రాలేదండీ. నేను కోర్సు చేసిన సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టుకున్నాను కాబట్టి, అక్కడ ప్లేస్‌మెంట్లు చూసే సర్‌కి వచ్చింది. ఆయన కంప్యూటర్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. మీ మెయిల్ ఐడీ అందులో స్పష్టంగానే ఉంది, అది చూసి టైప్ చేసి రాస్తున్నాను. అయితే ఫోటోలో ఆఖరి వాక్యం సగమే పడింది. నా బయోడేటాను మీ దగ్గరే ఉంచుకుంటామని రాశారో, ఇచ్చిన జిరాక్స్ కాపీలు వచ్చి తీసుకెళ్లమని రాశారో అర్థం కావడం లేదు. నేను చేయాల్సింది ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి. ఏ మెయిల్ గురించి రాస్తున్నానో మీకు వెంటనే తెలియడం కోసం ఆ ఫోటోను దీనికి జత చేస్తున్నాను. స్క్రీన్ మీద ఎడమవైపు ఇంకొందరు అభ్యర్థుల పేర్లతో మెయిళ్లు కనిపిస్తున్నాయి. అవి నేను చూడాల్సినవి కావు కాబట్టి ఆ భాగం కత్తిరించేశాను. నా కాపీలో కూడా తీసేశాను.

నిజం చెప్పాలంటే ఈ ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకున్నాను, రాలేదని తెలిశాక బాధపడ్డాను. కానీ మీ నిర్ణయాన్ని మార్చమని అడగడానికి రాయడం లేదు. ఎవరిని తీసుకున్నారో, ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో కూడా నాకు అక్కర్లేదు. ఎంపికైనవాళ్లకు నా తరఫున శుభాకాంక్షలు.

మీ దగ్గర జరిగినంత శ్రద్ధగా నాకు ఇంతకుముందు ఎక్కడా ఇంటర్వ్యూ జరగలేదు. ఎంత జీతం కావాలి, నైట్ డ్యూటీ చేస్తావా, రేపటి నుంచి రాగలవా అని అడిగి పంపించేస్తుంటారు. మీ పాథాలజిస్ట్ డాక్టర్ గారు మాత్రం ఒక రిపోర్టు నా ముందు పెట్టి, దీన్ని రిలీజ్ చేస్తావా అని అడిగారు. పొటాషియం 7.9, కాల్షియం 5.2 ఉన్నాయి. పేషెంట్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడిచి వచ్చి శాంపిల్ ఇచ్చి వెళ్లిన మనిషి. రిలీజ్ చేయనని, ఊదారంగు మూత ట్యూబులోని ఈడీటీఏ ఈ శాంపిల్‌లో కలిసిందేమోనని అనుమానంగా ఉందని చెప్పాను. ఆ ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ కాబట్టి పొటాషియం పెరుగుతుంది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి అది పడిపోతుంది. రక్తకణాలు పగిలినా పొటాషియం పెరుగుతుంది కానీ కాల్షియం ఇంతగా పడిపోదు. అందుకని మళ్లీ శాంపిల్ తీయిస్తానని, ఈలోగా పేషెంట్‌ని పంపిన డాక్టర్‌కి ఫోన్ చేసి చెబుతానని అన్నాను. నేను మధ్యలో కాసేపు ఆగి ఆలోచించుకుంటుంటే డాక్టర్ గారు తొందరపెట్టలేదు. ఆ కాస్త సమయం ఇచ్చినందుకు ఆయనకు నా కృతజ్ఞతలు తెలియజేయండి.

ఇక నా విన్నపం. మీ మెయిల్‌లో "మా అవసరాలకు మరింత సరిపోయే అభ్యర్థిని ఎంచుకున్నాం" అని రాశారు. అది అందరికీ పంపే వాక్యమే అయి ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ నేను తర్వాతి ఇంటర్వ్యూకి తయారవ్వాలంటే లోటు ఎక్కడుందో తెలియాలి. చేతిపనిలోనా, సబ్జెక్టులోనా, తెలిసింది చెప్పడంలోనా? మూడింటికీ మందు ఒకటి కాదు. చేతిపనిలో అయితే ఇప్పుడు పనిచేస్తున్న ల్యాబ్‌లోనే రోజూ కాసేపు ఎక్కువ ఉండి సాధన చేస్తాను. సబ్జెక్టులో అయితే పుస్తకాలు మళ్లీ తీస్తాను. చెప్పడంలో అయితే ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పుకుంటూ పోవాలి. ఏది ముందు పట్టుకోవాలో బయట నుంచి చూసినవాళ్లే చెప్పగలరు.

ముఖ్యంగా రెండు విషయాలు మనసులో తిరుగుతున్నాయి.

మొదటిది స్మియర్. ప్రాక్టికల్‌లో నన్ను రెండు స్లైడ్లు వేయమన్నారు. మొదటిదాన్ని ల్యాబ్ ఇన్‌ఛార్జ్ మేడమ్ చూసి తల ఊపి స్టెయినింగ్‌కి పంపారు. రెండోదాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, కొంచెం అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా ట్రేలో పెట్టారు. నాకు తెలిసినంతలో తోక సన్నగానే వచ్చింది, అంచుల దాకా రక్తం పాకలేదు, మధ్యలో గీతలు పడలేదు. స్ప్రెడర్‌ని 30 నుంచి 45 డిగ్రీల మధ్యే పట్టుకుంటాను. పేషెంట్‌కి రక్తం తక్కువగా ఉంటే చుక్క పల్చగా జారుతుంది కాబట్టి కోణం కాస్త పెంచుతాను. ఆ రోజు ఇచ్చిన శాంపిల్ అలాంటిదే అనిపించి పెంచాను. మేడమ్‌కి అందులో ఏం కనిపించిందో తెలుసుకోవాలని ఉంది. మందంగా వచ్చిందా, పొట్టిగా వచ్చిందా, లేక అసలు అక్కడ కోణం మార్చాల్సిన అవసరమే లేదా? ఒక్క మాట చెప్పినా నాకు చాలా ఉపయోగపడుతుంది. మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టేటప్పుడు స్మియర్ బాగోకపోతే ఆ తర్వాత ఎంత జాగ్రత్తపడినా లాభం ఉండదు. తెల్లకణాలు పెద్దవి తోకవైపుకీ అంచులకీ కొట్టుకుపోతాయి, డిఫరెన్షియల్ తప్పు వస్తుంది, డాక్టర్ ఆ అంకెను నమ్మి మందు రాస్తారు. అందుకే ఆ స్లైడ్ గురించి ఇంతగా అడుగుతున్నాను.

రెండోది కంట్రోల్ చార్ట్ ప్రశ్న. గ్లూకోజ్‌కి వేసిన లెవీ-జెన్నింగ్స్ చార్ట్ చూపించారు. వరుసగా పది పాయింట్లు సగటు గీతకు పైనే ఉన్నాయి. ఒక్కటీ రెండు ఎస్‌డీలు దాటలేదు. ఇది అనుకోకుండా వచ్చిన తేడా కాదని, ఏదో ఒకటి స్థిరంగా పక్కకు జరిగిందని, రీయేజెంట్ లాట్ ఎప్పుడు మారిందో, క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో ముందు రిజిస్టర్ చూస్తానని చెప్పాను. అప్పుడు మేడమ్, "ఈలోపు ఎమర్జెన్సీ నుంచి శాంపిల్ వచ్చింది, ఏం చేస్తావ్?" అన్నారు. కొత్త కంట్రోల్ వయల్ తీసి వేసి చూస్తాను, రెండో అనలైజర్ ఉంటే శాంపిల్ అందులో పెడతాను, ఆలస్యం అవుతోందని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తాను, రిపోర్టు వదలాలా వద్దా అన్నది ఇన్‌ఛార్జ్‌ని అడగకుండా నా అంతట నేను తేల్చను అని చెప్పాను. మేడమ్ ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు.

ఆ ఆఖరి మాట దగ్గరే నాకు అనుమానం. రాత్రి డ్యూటీలో ల్యాబ్‌లో ఒక్కరే ఉంటారు, అక్కడ ఇంకొంచెం సొంతంగా నిర్ణయం తీసుకోగల మనిషి మీకు కావాలేమో. అలా అయితే అది నాకు తెలియడం మంచిది. పైవాళ్లను అడగడం జాగ్రత్తే అని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను, కానీ ఏ మేరకు టెక్నీషియన్ స్వయంగా చూసుకోవాలి, ఎక్కడ ఆగి అడగాలి అన్నది మీలాంటి పెద్ద ల్యాబ్‌లో ఎలా చూస్తారో నాకు ఇంకా అనుభవం లేదు. నేను పనిచేసే చోట ఒకటే అనలైజర్, ఇన్‌ఛార్జ్ ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటారు.

ఉత్తరం కాస్త పెద్దదైంది. మీ జవాబు మాత్రం రెండు మూడు లైన్లు ఉన్నా చాలు. స్మియర్ గురించి ఒక మాట, ఎమర్జెన్సీ జవాబు గురించి ఒక మాట, ఈ రెండూ కాక నేను గమనించని కారణం ఇంకేదైనా ఉంటే అది. వివరణ అక్కర్లేదు. బాగోలేనిదాన్ని బాగోలేదని సూటిగా చెబితేనే నాకు మేలు. ఇన్‌ఛార్జ్ మేడమ్‌కి రాయడానికి తీరిక లేకపోతే, వీలున్నప్పుడు ఆమె మీతో అన్న మాటలనే రాసి పంపినా సరిపోతుంది. ఇలాంటివి అభ్యర్థులకు చెప్పకూడదని మీ సంస్థలో నియమం ఉంటే, ఆ ఒక్క ముక్క చెప్పినా అర్థం చేసుకుంటాను. మళ్లీ మళ్లీ అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

నా వివరాలను మీ దగ్గర ఉంచుకోవడానికి నాకు పూర్తి సమ్మతమే. తర్వాత ఖాళీలు వచ్చినప్పుడు నన్ను కూడా గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను. నైట్ షిఫ్ట్ అయినా, శాంపిల్ కలెక్షన్ విభాగంలో అయినా చేరడానికి సిద్ధంగా ఉన్నాను. మీరు పిలవకపోయినా ప్రకటన కనిపిస్తే నేనే మళ్లీ దరఖాస్తు చేస్తాను. ఆ రోజు ల్యాబ్ చూపించినప్పుడు ప్రతి ఫ్రిజ్ తలుపు మీద ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టిన కాగితం చూశాను. ఆదివారాల గడులు కూడా ఖాళీగా లేవు. అలాంటి చోట పని నేర్చుకోవాలన్న కోరిక అలాగే ఉంది.

రిసెప్షన్‌లో నా సర్టిఫికెట్లు సరిచూసి, ప్రాక్టికల్ గది దాకా తోడొచ్చి చూపించిన అన్నయ్యకు కూడా ధన్యవాదాలు చెప్పండి.

ఇకమీదట నాకు ఏదైనా తెలియజేయాలంటే సంస్థకు కాకుండా నేరుగా ఈ మెయిల్ ఐడీకే పంపగలరు. ప్లేస్‌మెంట్ సర్‌కి కూడా ఈ విషయం చెప్పాను.

భవదీయురాలు,
మాధవి
డీఎంఎల్‌టీ
ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగ అభ్యర్థి

జత: జూన్ 12 నాటి మీ మెయిల్ ఫోటో