నడుస్తూ చూద్దాం: మా కాలేజీ క్యాంపస్ టూర్ వీడియో స్క్రిప్టు

నిడివి: 7 నిమిషాలు
చూసేవాళ్లు: ఇంజనీరింగ్‌లో చేరాలనుకుంటున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే.
తెర మీద మాట్లాడేది: మెకానికల్ మూడో సంవత్సరం విద్యార్థిని

యూనిట్‌కి: 48 పేజీల ప్రాస్పెక్టస్‌లోంచి దీంట్లోకి వచ్చిన సరుకు తొమ్మిది పేజీలదే. చైర్మన్ సందేశం, విజన్, మిషన్ రాలేదు, అవి వెబ్‌సైట్లో ఉంటే చాలు. "ప్రపంచస్థాయి", "అత్యాధునిక", "విశాలమైన" అన్న మాటలన్నీ కొట్టేశాం, వాటి బదులు కొలత గానీ, చూపించే వస్తువు గానీ పెట్టాం. మాట వేగం నిమిషానికి వంద మాటలు దాటొద్దు. ఈ పాప సహజంగా వేగంగా మాట్లాడుతుంది, చదివించి చూసుకోండి.

25 ఫ్రేములు, షట్టర్ 1/50. క్లాసు గదుల్లో అన్నీ ట్యూబ్‌లైట్లే. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/60 లాంటి పొసగని వేగంలో పెడితే గోడల మీద చారలు పాకుతాయి, ఎడిటింగ్‌లో పోవు.

దృశ్యం 1. గేటు (0:00–0:45)

ఉదయం 8:10. బస్సులు దిగి నడిచే పిల్లలు, వెనక నుంచి. విద్యార్థిని కెమెరా వైపు తిరుగుతుంది.

విద్యార్థిని: నమస్కారం. నేనిక్కడ మెకానికల్ మూడో సంవత్సరం. ప్రాస్పెక్టస్ ఈపాటికి మీ చేతికి వచ్చే ఉంటుంది. ఫొటోలు బాగుంటాయి. కానీ గేటు నుంచి క్లాసుకి ఎంత దూరం, ల్యాబ్‌లో మిషన్ దగ్గర మన వంతు ఎప్పుడొస్తుంది, రాత్రి హాస్టల్లో ఎవరుంటారు, ఇవేవీ ఫొటోల్లో కనపడవు. పదండి, నడుస్తూ చూద్దాం.

గేటు నుంచి మెయిన్ బ్లాక్ దాకా ఒకే షాట్, ఆపకుండా. ఎడిటింగ్‌లో 15 సెకన్లకి కుదించాలి. మూలన గడియారం పరిగెత్తుతూ కనపడాలి.

తెర మీద: గేటు నుంచి మెయిన్ బ్లాక్‌కి నడక 6 నిమిషాలు

షూటింగ్ నోట్: డ్రోన్ వద్దు. పైనుంచి చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. చేరిన మొదటి వారం ఎండలో నడిచినప్పుడు ఆ పిల్లలకి మనమే గుర్తొస్తాం.

దృశ్యం 2. క్లాసు గది (0:45–1:20)

కెమెరా చివరి బెంచీలో, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో. బోర్డు మీద అక్షరాలు ఎంత కనపడితే అంతే, జూమ్ చెయ్యొద్దు.

విద్యార్థిని (చివరి బెంచీలోంచి): సెక్షన్‌కి అరవైమంది. ఆలస్యంగా వస్తే దొరికే సీటు ఇదే. ఇక్కణ్ణుంచి బోర్డు ఇలా కనపడుతుంది. మధ్యాహ్నం కుడి కిటికీలోంచి ఎండ పడుతుంది, కర్టెన్ వేసుకోవాలి. మెట్లు ఎక్కలేనివాళ్లకి లిఫ్టు ఉంది, వెనక వైపు ర్యాంపు ఉంది.

ర్యాంపు మీద మూడు సెకన్లు నిలవండి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల ఇంట్లో మొదట వెతికేది దాన్నే.

దృశ్యం 3. వర్క్‌షాప్ (1:20–3:00)

ప్రాస్పెక్టస్‌లో ఉన్న మాట: "పూర్తిస్థాయి యంత్ర సంపత్తితో కూడిన వర్క్‌షాప్". ఆ వాక్యం బదులు ఒక కడ్డీ.

లేత్ చక్‌లో, అంటే కడ్డీని పట్టుకుని తిప్పే భాగంలో, 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ, దగ్గరగా. టెక్నీషియన్ చెయ్యి చక్ కీ తీసి పక్క బల్ల మీద పెడుతుంది. ఆ చప్పుడు వినపడాలి.

విద్యార్థిని: ఇక్కడ మొదటి రోజు నేర్పేది ఇదే. కడ్డీ బిగించాక కీ చక్‌లో వదిలెయ్యకూడదు. మరిచిపోయి స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి తగులుతుంది. గ్లోవ్స్ కూడా వేసుకోనివ్వరు. తిరిగే కడ్డీకి గ్లోవ్ చిక్కుకుంటే చేతిని లాక్కుపోతుంది. జుట్టు ముడి, గట్టి బూట్లు, రక్షణ కళ్లద్దాలు. ఈ మూడూ లేకపోతే లోపలికి రానివ్వరు. అమ్మా నాన్నా, బూట్ల గురించి ఇప్పుడే చెప్తున్నాం, చెప్పులతో వస్తే ఆ రోజు ల్యాబ్ పోయినట్టే.

లేత్ తిరుగుతుంది. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది.

విద్యార్థిని: బ్యాచ్‌కి ముప్ఫైమంది, లేత్‌లు పదిహేను. ఇద్దరికొకటి. ఒకళ్లు కోస్తుంటే ఇంకొకళ్లు కొలుస్తారు. మొదటి జాబ్ ఈ 25 మిల్లీమీటర్ల కడ్డీని 22కి తేవడం. దాదాపు అందరూ చేసే తప్పొకటుంది. టూల్‌ని అర మిల్లీమీటరు లోపలికి జరిపితే వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది, ఎందుకంటే కడ్డీ తిరుగుతూ రెండు వైపులా కోసుకుంటుంది. మూడు తగ్గాలని మూడూ జరిపేస్తారు. 19 వస్తుంది. కడ్డీ పోయినట్టే.

పాడైన కడ్డీల డబ్బా. విద్యార్థిని అందులోంచి ఒకటి తీసి వెర్నియర్ దవడల మధ్య పెడుతుంది. స్కేలు మీద 19 దగ్గరగా.

టెక్నీషియన్: పాడైతే ఇంకో కడ్డీ ఇస్తాం. మార్కులు పోవు, టైమ్ పోతుంది.

షూటింగ్ నోట్: మిషన్ నడుస్తుండగా మాటలు రికార్డు చెయ్యొద్దు, కాలర్ మైక్‌లో కూడా గరగర తప్ప ఏమీ మిగలదు. మిషన్ ఆపి మాటలు, తర్వాత మిషన్ చప్పుడు ఒక నిమిషం విడిగా. విద్యార్థిని కళ్లద్దాలు మొత్తం సీన్‌లో తియ్యకూడదు. "ఒక్క షాటే కదా" అని తీసినదే ట్రైలర్‌లోకి వెళ్తుంది.

దృశ్యం 4. కంప్యూటర్ ల్యాబ్, లైబ్రరీ (3:00–3:55)

విద్యార్థిని: కంప్యూటర్ ల్యాబ్‌లో ముప్ఫైమందికి ముప్ఫైమూడు సిస్టమ్స్. ఆ మూడూ ఎందుకంటే, ఏదో ఒకటి ఎప్పుడూ రిపేర్‌లో ఉంటుంది.

(మానిటర్ మీద "పనిచేయదు" అని కాగితం అంటించిన సిస్టమ్‌ని దాచొద్దు. ఒక్క సెకను చూపిస్తే మిగతా ముప్ఫైరెండింటినీ నమ్ముతారు.)

లైబ్రరీ. అరల చివర నంబర్లు. విద్యార్థిని వేలు 621.3 దగ్గర ఆగుతుంది.

విద్యార్థిని: పుస్తకం పేరు చెప్పి అడిగితే తెచ్చిస్తారు. కానీ నంబరు తెలిస్తే మనమే పోయి తెచ్చుకోవచ్చు. 510 లెక్కలు, 530 ఫిజిక్స్, 621.3 ఎలక్ట్రికల్. ఒకేసారి మూడు పుస్తకాలు, పదిహేను రోజులు. పరీక్షల ముందు వారం మాత్రం ఉదయం ఎనిమిదింటికే రావాలి, తొమ్మిది దాటితే కూర్చోడానికి కుర్చీ దొరకదు.

దృశ్యం 5. హాస్టల్ (3:55–5:30)

ప్రాస్పెక్టస్‌లో ఉన్న మాట: "ఇంటి వాతావరణాన్ని తలపించే వసతి". ఈ వాక్యం నమ్మి వచ్చినవాళ్లకే మొదటి నెల కష్టంగా ఉంటుంది.

షూటింగ్ నోట్, తప్పనిసరి: గది లోపల 28 మిల్లీమీటర్ల కంటే వెడల్పు లెన్స్ వాడొద్దు (ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో). 16తో తీస్తే ఈ గది హాల్లా కనపడుతుంది. రేపు తండ్రి పెట్టె మోసుకొచ్చి తలుపు తీస్తే మన వీడియో అబద్ధమైపోతుంది. ఖాళీ గదిలోనే షూట్. పిల్లల బట్టలు, ఫొటోలు, తలుపుల మీద పేర్లు, రూమ్ నంబర్లు ఫ్రేములో పడకూడదు. వరండాలో ఎవరి మొహం పడినా ముందే వాళ్లనడిగి సంతకం తీసుకోవాలి.

విద్యార్థిని గదిలో. చేతిలో కొలత టేపు, గోడ నుంచి గోడకి లాగుతుంది.

విద్యార్థిని: పద్నాలుగడుగులు, పన్నెండడుగులు. ముగ్గురికి. మంచం, బీరువా, టేబుల్ ఒక్కొక్కళ్లకి ఒకటి. బీరువాకి తాళం మీరే తెచ్చుకోవాలి. ప్లగ్ పాయింట్లు మూడు, అంటే తలకొకటి. ఫోను, ల్యాప్‌టాప్ ఒకేసారి పెట్టాలంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకోండి. హీటర్, ఇస్త్రీ పెట్టె గదిలో పెట్టనివ్వరు, లైను ట్రిప్ అయి అంతస్తు మొత్తం చీకటవుతుంది. ఇస్త్రీకి కింద వేరే గది ఉంది.

వార్డెన్ గది. బల్ల మీద రిజిస్టర్.

వార్డెన్: రాత్రి ఎనిమిదిన్నరకి హాజరు. సంతకంతో సరిపెట్టం, మనిషిని చూస్తాం. లేకపోతే తొమ్మిది లోపల ఇంటికి ఫోన్ చేస్తాం. బయటికి వెళ్లాలంటే చేరేటప్పుడు మీరు రాసిచ్చిన నంబరుకి మేమే ఫోన్ చేసి అడుగుతాం. కొత్త నంబరు నుంచి వచ్చి "నేను వాళ్ల బాబాయిని" అంటే పంపం. కాబట్టి నంబరు మారితే మాకు చెప్పండి.

విద్యార్థిని: మొదటి సంవత్సరం వాళ్లకి బ్లాకే వేరు. సీనియర్లు అటు వెళ్లడానికి లేదు. ఎవరైనా ఇబ్బంది పెడితే వార్డెన్‌కి చెప్పచ్చు. వార్డెన్‌కి చెప్పడం ఇష్టం లేకపోతే ప్రిన్సిపల్ ఆఫీసు బయట పెట్టె ఉంది, పేరు రాయక్కర్లేదు.

వార్డెన్: రాత్రి ఒంట్లో బాగోకపోతే ఇక్కడ బెల్ ఉంది. వాచ్‌మన్ దగ్గర బండి తాళం ఉంటుంది. పిల్లతో పాటు మాలో ఒకరు వెళ్తాం, దార్లోనే ఇంటికి ఫోన్ చేస్తాం.

దృశ్యం 6. గ్రౌండ్, ఆడిటోరియం, మెస్ (5:30–5:50)

మాటల్లేవు. ఆరేడు షాట్లు, సాయంత్రం వెలుతురు. సంగీతం సన్నగా. మెస్‌లో క్యూ ఎంత పొడుగుంటే అంతే చూపించండి.

దృశ్యం 7. ప్లేస్‌మెంట్ ఆఫీసు (5:50–6:30)

ప్రాస్పెక్టస్ వెనక అట్ట మీద "నూరు శాతం ప్లేస్‌మెంట్స్" అని ఉంది. ఆ మాట వీడియోలో రాదు. లెక్క ఎవరిని ఎవరితో భాగిస్తే వచ్చిందో రాతపూర్వకంగా ఇచ్చే దాకా రాదు.

విద్యార్థిని: అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేది ఈ గది గురించే. ఏ కాలేజీకి వెళ్లినా, ఇక్కడికొచ్చినా, నాలుగు ప్రశ్నలు అడగండి. ప్లేస్‌మెంట్‌కి ఎంతమంది పేరిచ్చారు? ఎంతమందికి ఆఫర్ వచ్చింది? ఎంతమంది చేరారు? ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కపెట్టారా? ఇంకొకటి, అత్యధిక జీతం ఎంత అని కాదు, మధ్యలో ఉన్న పిల్లాడి జీతం ఎంత అని అడగండి. అత్యధికం ఒక్కడిదే.

తెర మీద నాలుగు ప్రశ్నలు ఒక్కొక్కటిగా. ఒక్కోటి నాలుగు సెకన్లు.

ఎడిటర్‌కి: తెలుగు అక్షరాలు సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైప్ చేస్తే కొన్నిట్లో ఒత్తులు ఊడి పక్కన పడతాయి, "ప్రశ్న" చదవడానికి వీల్లేకుండా పోతుంది. బయట డిజైన్ చేసి, వెనక రంగు లేని PNG బొమ్మలుగా తెచ్చి పెట్టండి. పెట్టాక ప్రతి అక్షరం ఫోన్ తెర మీద చదివి చూడండి.

దృశ్యం 8. అడ్మిషన్ కౌంటర్ (6:30–7:00)

కౌంటర్ అద్దం. అవతల గుమస్తా చెయ్యి ఒక సర్టిఫికెట్‌ని జిరాక్స్ కాపీతో పోల్చి చూసి, ఒరిజినల్ వెనక్కి జరుపుతుంది.

విద్యార్థిని: చూడ్డానికి రావాలంటే శనివారం పొద్దున పదింటికి రండి. ఇప్పుడు చూసిన దారే మళ్లీ నడిపించి చూపిస్తారు, వర్క్‌షాప్‌తో సహా. చేరడానికి వచ్చినప్పుడు ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు, ఆరు ఫొటోలు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, తేదీ ఉందో లేదో చూసుకోండి. అన్నట్టు, బూట్లు మరిచిపోవద్దు.

విద్యార్థిని పాదాల మీద ఆఖరి షాట్. వర్క్‌షాప్ బూట్లు, ముందు భాగం మీద నూనె మరక. నడుచుకుంటూ ఫ్రేములోంచి బయటికి.