ఆఖరి బంతి

గుంటూరు బ్రాడీపేటలో కల్యాణ మండపం వెనక రేకుల షెడ్డు. మూడు కాకముందే సూర్యం లేచి, మొహం కడుక్కుని, గాడిపొయ్యికి దణ్ణం పెట్టి నిప్పు రాజేశాడు. వెయ్యి మందికి భోజనాలు. ఏడింటికల్లా టిఫిన్లు పడాలి.

"బాబాయ్, పులిహోర కలిపేయనా?" అన్నాడు శీను, చింతపండు గుజ్జు దించబోతూ.

"నూనె తేలిందా?"

"ఉడికిపోయిందిగా!"

సూర్యం గరిటెతో తిప్పి చూశాడు. అంచుల్లో నూనె ఇంకా విడలేదు. నైవేద్యం పెట్టేదాకా ఆయన ఏదీ నోట్లో వేసుకోడు. కంటితో, వాసనతోనే తేల్చుకుంటాడు.

"పచ్చివాసన పోలేదురా. ఇంకో పావుగంట ఉంచు. ఈలోగా అన్నం చాప మీద పల్చగా ఆరబెట్టి, పసుపు, నూనె పట్టించు. మెతుకు విరక్కూడదు."

ఐదింటికి పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. మొహం నిండా టెన్షన్.

"సూర్యంగారూ, మగపెళ్లివారు ఇంకో బస్సు వేశారట. యాభై మంది. ఇప్పుడెలాగండీ?"

"పెళ్లన్నాక వస్తారండీ. అది నేను చూసుకుంటాను. మీరెళ్లి అమ్మాయి దగ్గరుండండి."

ఆయన అటు వెళ్లగానే శీను సాంబారు గుండిగలో నీళ్లు పోయబోయాడు. సూర్యం చెంబు పట్టుకున్నాడు.

"వద్దు. ఆఖరి బంతిలో కూర్చునేది సన్నాయి వాళ్లూ, డ్రైవర్లూ. పొద్దుట్నుంచీ కడుపు మాడ్చుకుని ఉంటారు. వాళ్లకి నీళ్ల సాంబారు పోస్తామా? పప్పు ఇంకో రెండు కిలోలు కడుగు. ములక్కాడలు తరగమను. ఆ చిన్న గుండిగలో ఎసరు పెట్టు, త్వరగా!"